రెండు రంగుల లెటర్‌హెడ్‌కి రెండు ప్లేట్లు చాలు

విజయవాడలో మా డీటీపీ సెంటరుకి ఒక రోజు ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చారు. ఆయన కార్యదర్శిగా ఉన్న ట్రస్టు కింద మూడు చిన్న బడులు నడుస్తున్నాయి. లెటర్‌హెడ్‌లు కావాలి. పైన మెరూన్ రంగులో దీపం బొమ్మ, పక్కన అదే రంగులో ట్రస్టు పేరు, కింద నల్లటి అక్షరాల్లో బడి పేరు, చిరునామా, ఫోన్ నంబరు. బడికి 1000 చొప్పున మొత్తం 3000. చేతిలో ఉన్న డబ్బు 6000 రూపాయలు.

మా దగ్గరికి వచ్చేముందే ఆయన ఒక మల్టీకలర్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర రేటు కనుక్కున్నారు. కాగితంతో కలిపి వెయ్యికి 2000 అన్నారట. మూడు బడులకూ కలిపి సరిగ్గా 6000. ఆ చీటీ నా బల్ల మీద పెట్టి అడిగారు: "వాళ్లు నాలుగు రంగులకి ఇంత అంటున్నారు బాబూ. నాక్కావాల్సింది రెండే. మరి నీ దగ్గర సగానికే రావాలి కదా?"

ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. జవాబు చెప్పాలంటే ముందు ప్రెస్సులో రంగుల్ని ఎలా లెక్కపెడతారో చెప్పాలి. కాగితం మీద మన కంటికి ఎన్ని రంగులు కనిపిస్తున్నాయన్నది అక్కడ లెక్కలోకి రాదు. మెషిన్‌లో ఎన్ని ఇంకులు పోశారు, ఎన్ని ప్లేట్లు ఎక్కించారు అన్నదే లెక్క. ఆఫ్‌సెట్ మెషిన్‌లో ఒక ప్లేటు ఒక్క ఇంకునే అచ్చు వేస్తుంది.

మల్టీకలర్ అనే పద్ధతిలో ఉండేవి నాలుగే ఇంకులు: నీలంలాంటి సయాన్, గులాబీలాంటి మెజెంటా, పసుపు, నలుపు. వాటిలో మెరూన్ లేదు. మెరూన్ కావాలంటే మెజెంటా నిండుగా వేసి, దాని మీద పసుపు చుక్కలు, నలుపు చుక్కలు పరవాలి. చుక్కలు మరీ చిన్నవి కాబట్టి మన కన్ను వాటిని విడదీయలేదు, కలిపేసి మెరూన్‌గా చూస్తుంది. ఆదివారం అనుబంధంలో సినిమా తార ఫొటో అచ్చయ్యేది ఈ పద్ధతిలోనే. దీన్నే ప్రాసెస్ కలర్ అంటారు.

స్పాట్ కలర్ దారి వేరు. ఇంకు డబ్బాలోనే మెరూన్ కలిపేసి, ఆ మెరూన్‌నే మెషిన్ తొట్టిలో పోస్తారు. చుక్కలతో పని లేదు. గోడకి రంగు వేసినట్టు నిండుగా పడుతుంది. మా ప్రెస్సుల్లో దీన్ని 'స్పెషల్ కలర్' అంటారు. ఆ మాట వినగానే ఖరీదైనదేమో అనుకుని వెనక్కి తగ్గేవాళ్లు ఉన్నారు. మాస్టారి పనికి స్పాట్‌లో రెండు ప్లేట్లు చాలు: మెరూన్‌కి ఒకటి, నలుపుకి ఒకటి. ప్రాసెస్‌లో అయితే మెజెంటా, పసుపు, నలుపు కలిపి కనీసం మూడు. ఆయన తెచ్చిన దీపం బొమ్మ ఎవరో ఫోన్‌లో పంపిన ఫొటో. దాన్ని అలాగే మారిస్తే ఆ మెరూన్‌లోకి సయాన్ కూడా పలచగా వచ్చి చేరుతుంది. అప్పుడు నాలుగు.

డబ్బు సంగతికి ముందు మాస్టారి చేతికి భూతద్దం ఇచ్చాను. పాత పనుల కట్టలోంచి రెండు లెటర్‌హెడ్‌లు తీసి పక్కపక్కన పెట్టాను. రెండింటి మీదా మెరూన్ అక్షరాలే, ఒకటి ప్రాసెస్, ఒకటి స్పాట్. 'విద్యార్థి' అనే మాట దగ్గర ఆగి చూడమన్నాను.

అచ్చులో చుక్కల సాంద్రతని అంగుళానికి ఇన్ని వరసలు అని చెబుతారు. 150 వరసలంటే వరసకీ వరసకీ మధ్య దూరం 0.17 మిల్లీమీటరు. లెటర్‌హెడ్ అడుగున చిరునామాకి మనం వాడే 7 పాయింట్ల తెలుగు అక్షరంలో సన్నటి గీత మందం కూడా దాదాపు అంతే. అంటే గీత అంతటిలో చుక్కలకి దక్కేది ఒక్క వరస చోటు. ఆ గీత అంచు కత్తితో కోసినట్టు ఉండదు, రంపపు పళ్లలా ఉంటుంది. దానికితోడు మెజెంటా, పసుపు, నలుపు మూడూ వేర్వేరు ప్లేట్ల నుంచి వచ్చి ఒకే గీత మీద కూర్చోవాలి. వాటిలో ఒక్కటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా అక్షరం పక్కన గులాబీ నీడ తేలుతుంది. పేపర్లో ఫొటోకి రెండు అంచులు కనిపించడం అందరూ చూసే ఉంటారు, అదీ ఇలాంటిదే. దీన్ని ప్రెస్సువాళ్లు 'రిజిస్టర్ పోయింది' అంటారు.

మన లిపిలో ఈ తప్పు మరీ కనబడుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో నిలువు గీతలు, అడ్డ గీతలు ఎక్కువ. మనవి మెలికలు. వాటి మీద తలకట్టు, గుడి, కింద ఒత్తు. 'ర్థి'లో థ బొట్టు ఎంత ఉంటుందో, థావొత్తు ఎంత సన్నగా తిరుగుతుందో చూస్తే, మూడు ప్లేట్లు దాని మీద సరిగ్గా కూర్చోవడం ఎంత కష్టమో తెలుస్తుంది. మాస్టారు భూతద్దం జరుపుతూ చాలాసేపు చూశారు. "ఇందులో బొట్టు పూడిపోయిందయ్యా" అన్నారు ప్రాసెస్ కాగితం చూపించి. రెండో కాగితంలో బొట్టు విడిగా, గుండ్రంగా ఉంది.

ఇక డబ్బు. ఆ రోజు మాకు పని చేసిపెట్టే ప్రెస్సు చెప్పిన రేట్లు ఇవి: ప్లేటు 200, ఒక్కో రంగుకి వెయ్యి ఇంప్రెషన్లకి 350, నలుపు కాని ప్రతి ఇంకుకీ రోలర్లు కడగడానికి 300, రంగు ప్రత్యేకంగా కలిపితే ఇంకో 200. చిన్న ప్రెస్సుల్లో నలుపు ఎప్పుడూ మెషిన్ మీద ఉండేదే, దానికి కడుగుడు ఖర్చు వేయరు. అందుకే రెండు రంగుల్లో ఒకటి నలుపు పెట్టుకుంటే ఒక కడుగుడు మిగులుతుంది. మెరూన్‌తో పాటు ముదురు నీలం కావాలంటే ఇంకో కడుగుడు, ఇంకో కలుపుడు ఖర్చు పడుతుంది.

మూడు బడులకీ దీపం, ట్రస్టు పేరు ఒకటే, మారేది నలుపులో ఉన్న చిరునామా. కాబట్టి మెరూన్ ప్లేటు ఒక్కటే చేసి 3000 కాగితాలూ దాని మీద వరసగా లాగేయవచ్చు. తరవాత నలుపుకి మూడు ప్లేట్లు, ఒక్కోదానికి వెయ్యి. ప్లేట్లు నాలుగు, 800. ఇంప్రెషన్లు మెరూన్‌కి మూడు వేలు, నలుపుకి మూడు వేలు, మొత్తం 2100. కడుగుడు, కలుపుడు 500. అచ్చు ఖర్చు 3400. వంద జీఎస్‌ఎం బాండ్ కాగితం కోతతో సహా 2200. మొత్తం 5600.

అదే మెషిన్ మీద నాలుగు రంగులు వేస్తే ప్లేట్లు ఆరు, ఇంప్రెషన్లు పన్నెండు వేలు, కడుగుళ్లు మూడు. కాగితంతో కలిపి 8500 తేలింది. మరి మల్టీకలర్ వాళ్లు 6000కే ఎలా ఇస్తున్నారు? వాళ్లు ఒక పెద్ద షీటు మీద పదిమంది లెటర్‌హెడ్‌లు, కరపత్రాలు, బ్రోచర్లు కలిపి పేర్చి ఒకేసారి అచ్చు వేస్తారు. ప్లేట్ల ఖర్చు పదిమందికీ పంచుతారు. దీన్ని గ్యాంగ్ ప్రింటింగ్ అంటారు. అది నిజంగానే చౌక. అందులో మోసమేమీ లేదు. ఒక్క బడికి, ఒక్కసారికి వెయ్యి కాగితాలు చాలనుకుంటే నేనే అటు పంపేవాణ్ణి.

అయితే ఆ చౌకదనానికి మనం వదులుకునేవి రెండున్నాయి. ఒకటి కాగితం. ఆ షీటు మీద పదిమందికీ ఒకటే కాగితం, మన ఇష్టం చెల్లదు. రెండోది రంగు. పక్కన అచ్చయ్యే కరపత్రంలో మొహం పాలిపోతోందని మెషిన్‌మన్ మెజెంటా పెంచితే, అదే వరసలో ఉన్న మన మెరూన్ కూడా ఎరుపెక్కుతుంది. వచ్చే ఏడాది మళ్లీ వేయిస్తే పక్కన వేరే పని ఉంటుంది, మన మెరూన్ ఇంకోలా వస్తుంది. ఒకే ట్రస్టు నుంచి వెళ్లే రెండు ఉత్తరాలు పక్కపక్కన పెడితే రెండు రకాల మెరూన్‌లు కనిపిస్తాయి.

అప్పుడు మాస్టారికి ఇంకో మాట చెప్పాను. నా ఉద్దేశంలో స్పాట్ కలర్ ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. బడి ఫోన్ నంబరు మారుతుంది, చిరునామా మారుతుంది, కొత్త బడి చేరుతుంది. దీపం మారదు. మెరూన్ ఒక్కటే ముందుగా ఎక్కువ కాగితాలకి వేసి ఉంచుకుని, ఎప్పుడు ఎంత కావాలంటే అంతకి నలుపు వేయించుకోవచ్చు. రంగు అచ్చయి, చిరునామా ఖాళీగా ఉన్న ఈ కాగితాల్ని కట్టగట్టి దాచుకోవడం పాత ప్రెస్సుల అలవాటే. తరవాత ఒక బడికి నంబరు మారితే ఖర్చు ఒక నల్ల ప్లేటు 200, వెయ్యి ఇంప్రెషన్లు 350. మొత్తం 550. గ్యాంగ్‌లో మళ్లీ 2000. ప్రాసెస్‌లో ఈ వీలు లేదు. అక్కడ నలుపు ప్లేటు మెరూన్‌లో కూడా భాగం, దాన్ని విడదీయలేం.

మాస్టారు ఒప్పుకున్నారు. ఇక రంగు ఖాయం చేయాలి. ఇక్కడ కంప్యూటర్ తెరని నమ్మకూడదు. తెర వెలుగుతుంది, కాగితం వెలగదు. ప్రెస్సులో రంగుల పుస్తకం ఉంటుంది. 1963లో అమెరికాలో లారెన్స్ హెర్బర్ట్ తెచ్చిన పాంటోన్ పద్ధతి అది. ప్రతి రంగుకీ ఒక నంబరు, ఆ నంబరుకి ఏ మూల ఇంకులు ఎంతెంత పాళ్లలో కలపాలో పక్కనే ఉంటుంది. పుస్తకం రెండు రకాలు: నున్నటి ఆర్ట్ పేపర్ మీద అచ్చు వేసింది, మామూలు కాగితం మీద అచ్చు వేసింది. నంబరు చివర మొదటిదానికి C, రెండోదానికి U అని ఉంటుంది. ఇంకు అదే. కానీ బాండ్ లాంటి కాగితం ఇంకుని లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి అదే మెరూన్ అక్కడ మెరుపు తగ్గి, కాస్త మట్టిరంగు వైపు వస్తుంది. లెటర్‌హెడ్ అచ్చయ్యేది బాండ్ మీద. C పుస్తకంలో చూసి ముచ్చటపడి, చేతికొచ్చాక "రంగు చచ్చిపోయింది" అని బాధపడేవాళ్లని ఎందరినో చూశాను. మాస్టారికి U పుస్తకమే చూపించాను. ఆయన 188 దగ్గర వేలు పెట్టారు.

రంగు ఎంపికలో ఇంకో జాగ్రత్త ఉంది. రిఫ్లెక్స్ బ్లూ అనే ముదురు నీలం చాలామందికి నచ్చుతుంది, కానీ ఆ ఇంకు ఆరడానికి మిగతావాటికంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆరినట్టే కనిపించి వేలికి అంటుతుంది. లెటర్‌హెడ్ మళ్లీ ఆఫీసులో లేజర్ ప్రింటర్‌లోంచి పోవాలి. అక్కడ టోనర్‌ని కరిగించి అతికించే రోలరు దాదాపు 200 డిగ్రీల వేడి మీద ఉంటుంది. సరిగా ఆరని ఇంకు ఆ రోలరుకి అంటి, వెనక వచ్చే ప్రతి కాగితం మీదా మరక వేస్తుంది. ఏ రంగైనా సరే, లెటర్‌హెడ్‌లు లేజర్ ప్రింటర్‌లో వాడతామని ప్రెస్సువాళ్లకి ముందే చెప్పాలి, వేడికి తట్టుకునే ఇంకు అడగాలి, అచ్చయ్యాక నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. పైకి ఉబ్బెత్తుగా వచ్చే అచ్చు పౌడరు ఈ వేడికి కరుగుతుంది, దాని జోలికి పోకూడదు.

ఫైలు చేసేటప్పుడు ఒకసారి నేను తప్పు చేశాను, అదీ చెప్పాలి. మాస్టారి పనికి చాలా ముందు మాట. ఒక రెండు రంగుల పనికి బొమ్మ ఒకచోట గీశాను, పేరు ఇంకో ఫైలులోంచి తెచ్చి అతికించాను. బొమ్మకి `PANTONE 188 U` అని, పేరుకి `PANTONE 188 C` అని రంగు ఉంది. తెర మీద రెండూ మెరూన్‌లే. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఇంకులు. ప్లేట్లు మూడు వచ్చాయి: ఒకదాని మీద దీపం, ఒకదాని మీద పేరు, ఒకదాని మీద చిరునామా. మెరూన్ ప్లేటు మళ్లీ చేయించాల్సి వచ్చింది, ఆ డబ్బు నేనే పెట్టుకున్నాను. అప్పటినుంచి ఏ ఫైలూ చూడకుండా పంపను. పీడీఎఫ్ చేశాక అక్రోబాట్ ప్రోలో `Output Preview` తెరిస్తే అందులో ఉన్న ప్లేట్లన్నీ పేర్లతో కనిపిస్తాయి. ఒక్కోదాని ముందున్న టిక్కు తీసేస్తే ఆ ఇంకుతో అచ్చయ్యేదంతా తెర మీద మాయమవుతుంది. నలుపు టిక్కు తీశాక చిరునామా పూర్తిగా పోవాలి, దీపం చెక్కుచెదరకూడదు. చిరునామా పోకుండా వెలిసినట్టు మిగిలితే అది నాలుగు రంగుల నలుపు. వర్డ్ నుంచి తెచ్చి అతికించిన అక్షరాలు తరచుగా ఇలాగే ఉంటాయి. మీరు ఎవరిచేతనైనా చేయిస్తుంటే ఈ ఒక్క తెర చూపించమని అడగండి. మెరూన్ పని అయితే అక్కడ రెండు పేర్లకి మాత్రమే బొమ్మ ఉండాలి.

ఫొటోగా వచ్చిన దీపాన్ని గీతల్లో మళ్లీ గీశాను. ఫొటోని స్పాట్ చేయలేమని కాదు, కానీ అంచు పదును రాదు. దీపాన్ని పేజీ మధ్యలో పలచగా కూడా వేయమని మాస్టారు అడిగారు. మెరూన్ ప్లేటు మీదే పది శాతం చుక్కలుగా వేస్తే ఇంకో ప్లేటు లేకుండానే లేత గులాబీ ఛాయ వస్తుంది, ఖర్చు పెరగదు. స్పాట్ కలర్‌లో మూడో రంగు ఊరికే దొరికే దారి ఇది. అయితే బాండ్ కాగితం మీద చుక్క పడగానే ఇంకు పీల్చుకుని ఉబ్బుతుంది, పది శాతం వేస్తే అంతకంటే ముదురుగా కనిపిస్తుంది. ఆ ఉత్తరాన్ని జిరాక్స్ తీస్తే మధ్యలో మసి పట్టినట్టు ఉంటుంది. బడి ఉత్తరాలు జిరాక్స్ కాకుండా ఉండవు. ఆ పలచ దీపం తీసేద్దామన్నాను, తీసేశాం.

మినీ ఆఫ్‌సెట్ మెషిన్ మీద ఒకసారికి ఒక రంగే. మెరూన్ వేసి, ఆరబెట్టి, మళ్లీ అదే కాగితాన్ని నలుపుకి పెడతారు. రెండోసారి కాగితం సరిగ్గా అదే చోట నిలబడాలి. కొంచెం అటూ ఇటూ కావడం మామూలే. అందుకే మెరూన్‌నీ నలుపునీ ఒకదానికొకటి తాకకుండా పెట్టాను, రెండింటి మధ్య ఐదు మిల్లీమీటర్ల ఖాళీ. అర మిల్లీమీటరు జరిగినా ఎవరికీ తెలియదు. అదే మెరూన్ పట్టీ లోపల నల్లటి గీతతో అంచు కట్టి ఉంటే ఆ అర మిల్లీమీటరు తెల్లటి సందుగా కొట్టొచ్చినట్టు కనిపించేది. పైన కాగితాన్ని మెషిన్ గ్రిప్పర్లు పట్టుకునే చోట ఒక సెంటీమీటరు వదిలేశాం. కాగితం అంచుదాకా రంగు కావాలంటే పెద్ద కాగితం మీద వేసి కోయాలి, ఖర్చు మళ్లీ పెరుగుతుంది.

అచ్చు రోజు నేనూ వెళ్లాను. మెషిన్‌మన్ గాజు పలక మీద ఇంకు కలుపుతున్నాడు. డబ్బాలో మెరూన్ దాదాపు నల్లగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఏమీ చెప్పలేం. అతను వేలితో చిటికెడు తీసుకుని మన బాండ్ కాగితం ముక్క మీదే టపటపా అద్దుతూ పోయాడు, మచ్చ పలచబడేదాకా. అది మెషిన్ వేసే పొరంత పలచన అయ్యాక పుస్తకం పక్కన పెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ట్యూబ్‌లైటు కింద ఒప్పుకున్న రంగు ఎండలో ఒప్పదని అతని మాట. ఎరుపు ఒక పిసరు కలిపి మళ్లీ అద్దాడు. మూడోసారికి కుదిరింది. తడి మీద ఉన్న రంగు ఆరాక ఇంకొంచెం మందగిస్తుందని తెలిసే, పుస్తకం కంటే వెంట్రుకంత నిండుగా ఉంచాడు.

మెరూన్‌కి ముందు రోలర్లు రెండుసార్లు కడిగారు. అంతకుముందు వేసిన పని నలుపు. కడుగుడు సరిగా లేకపోతే మొదటి వంద కాగితాలు మురికి మెరూన్‌గా వచ్చి, పోనుపోను తేటపడతాయి. కట్టలో పైకాగితాన్నీ అడుగుకాగితాన్నీ తీసి పక్కపక్కన పెడితే ఈ తేడా ఇట్టే బయటపడుతుంది. లెటర్‌హెడ్‌లు తీసుకునేటప్పుడు ఎవరైనా చేయదగ్గ పరీక్ష ఇది. మావి రెండూ ఒకేలా ఉన్నాయి.

మాస్టారు తన దగ్గరున్న మిగతా 400 ఇచ్చి, ట్రస్టు నుంచి ఇంకొంత సర్ది, ఆ రోజే ఇంకో వెయ్యి కాగితాలకి మెరూన్ మాత్రం వేయించారు. మెరూన్ ప్లేటు మెషిన్ మీద ఉండగానే కాబట్టి దానికి పడింది ఇంప్రెషన్ల 350, కాగితం ఖరీదు. వాటిని తేమ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బడి బీరువాలో పెట్టుకున్నారు. తేమ పీల్చిన కాగితం వంకరపోతే రెండోసారి మెషిన్‌లో సరిగా నిలబడదు. మిగిలిన ఇంకుని మెషిన్‌మన్ చిన్న డబ్బాలో నింపి, గాలి తగలకుండా పైన ప్లాస్టిక్ కాగితం అతికించి, మూత మీద ట్రస్టు పేరు, 188 నంబరు, తేదీ రాశాడు. మొదటి మంచి కాగితం ఒకటి నేను కవర్లో పెట్టి వెలుతురు తగలని సొరుగులో దాచాను.

మరుసటి జూన్‌లో ఒక బడి ఫోన్ నంబరు మారింది. బీరువాలో కట్ట విప్పారు, నల్ల ప్లేటు ఒకటి చేశాం, 550 రూపాయలతో వెయ్యి లెటర్‌హెడ్‌లు సిద్ధమయ్యాయి. మూడో ఏడాదికి మెరూన్ కాగితాలు అయిపోయాయి. మెషిన్‌మన్ ఆ చిన్న డబ్బా మూత తీసి, పైన కట్టిన పొరని కత్తితో ఎత్తి పక్కన పెట్టాడు. కింద ఇంకు మెత్తగానే ఉంది. నేను సొరుగులోంచి తెచ్చిన కాగితాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలితో కొత్త కాగితం మీద టపటపా అద్దుతూ కిటికీ దగ్గరికి నడిచాడు.